సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పచ్చి చికెన్ ఎక్కడ పెట్టాలి: పై ట్రేలోనా, కింది అరలోనా?

పటమట_వంటిల్లు (ఆదివారం, రాత్రి 9:40)

మాది 190 లీటర్ల సింగిల్ డోర్. ఫ్రాస్ట్ ఫ్రీ కాదు, ఐసు కట్టే రకం. పైన చిన్న ఫ్రీజర్, దాని కింద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, ఆ కింద మూడు తీగల అరలు, అడుగున కూరగాయల డబ్బా.

ఆదివారం పొద్దున్నే చికెన్ తెస్తే సగం మధ్యాహ్నానికి, సగం మర్నాటికి. ఇన్నాళ్లూ కవరుతోనే పై ట్రేలో పెట్టేవాళ్లం. పోయిన వారం కవరు చిల్లుపడి నీళ్లు కారాయి. ట్రే అంచు దాటి కింది అరలో పెరుగు గిన్నె మూత మీద, అక్కణ్ణించి కొత్తిమీర కట్ట మీద పడ్డాయి. పచ్చి మాంసం అన్నిటికంటే కింది అరలో పెట్టాలని ఎక్కడో చదివి ఈ వారం కింద పెట్టాను. పొద్దున పెడితే రాత్రికే నీచు వాసన. పైన పెడితే కారుతోంది, కింద పెడితే పాడవుతోంది. ఏది సరైనదో తెలిసినవాళ్లు చెప్పండి. నాబ్ 4 మీద ఉంది, 7 దాకా ఉంది.

అరండల్‌పేట_బాబాయ్

ఇందులో సందేహమేముందమ్మా. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లని చోటు అడుగు. మాంసం అడుగునే పెట్టాలి. వాసన వచ్చిందంటే చికెన్ తెచ్చేటప్పటికే తేడాగా ఉండి ఉంటుంది, కొట్టు మార్చండి. ఇంకోటి, ఉప్పూ పసుపూ పట్టించి పెడితే రెండు రోజులైనా ఏం కాదు.

కూలింగ్_మెకానిక్_గుంటూరు

బాబాయ్ గారూ, చల్లగాలి కిందికి దిగుతుందన్నది నిజమే. కానీ దిగడానికి దారి ఉండాలి కదా. ఈ రకం ఫ్రిజ్‌లో ఫ్యాను ఉండదు. చలి పుట్టేది ఒక్క ఫ్రీజర్ పెట్టె దగ్గరే. దాన్ని తాకి చల్లబడిన గాలి తనంతట తాను అరల సందుల్లోంచి దిగాలి. దిగుతూ దారిలో ఉన్న గిన్నెల వేడిని, తలుపు తీసినప్పుడల్లా వచ్చే వేడిని తీసుకుంటుంది. అడుగుకి చేరేసరికి దాని చలి సగం అయిపోయి ఉంటుంది. అందుకే సింగిల్ డోర్‌లో ఎక్కువ చలి ఫ్రీజర్ కింద ట్రేలోనే ఉంటుంది. కంపెనీవాళ్లు దానికి చిల్లర్ ట్రే అని పేరు పెట్టింది కూడా అందుకే. మాంసం కింద పెట్టమని రాసేవాళ్లలో చాలామంది వేరే రకం ఫ్రిజ్‌ని మనసులో పెట్టుకుని రాస్తారు.

మేడమ్, మూడు విషయాలు చెప్పండి. అరల మీద ప్లాస్టిక్ మ్యాట్లు ఏమైనా పరిచారా? ఫ్రీజర్‌లో ఐసు ఎంత మందాన ఉంది? ఫ్రిజ్ వెనక గోడకి ఎంత ఎడం ఉంది? వీటితోపాటు ఏ అరలో ఎన్ని డిగ్రీలుందో చూడాలి. చేత్తో తాకి చల్లగా ఉందనుకోవడం లెక్కలోకి రాదు. నాలుగు డిగ్రీలైనా తొమ్మిది డిగ్రీలైనా చేతికి చల్లగానే తగులుతుంది.

భవానీపురం_డబుల్‌డోర్

మాకూ ఇదే సమస్యండీ, కానీ ఉల్టా. పై అరలో వెనకపక్క పెట్టిన కొత్తిమీర, పచ్చిమిర్చి గాజులా గడ్డకట్టి, బయట పెట్టగానే నల్లగా మెత్తబడిపోతున్నాయి. మాది 260 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ. గ్యాస్ ఎక్కువైందా?

కూలింగ్_మెకానిక్_గుంటూరు

అది వేరే సంగతి అన్నా. గ్యాస్ గొడవ కాదు. మీదాంట్లో ఫ్యాను ఉంటుంది. ఫ్రీజర్ దగ్గర చల్లబడిన గాలిని వెనక గోడలోని సందుల్లోంచి అరల్లోకి తోస్తుంది. ఆ సందు ముందు ఏది పెట్టినా సున్నా కంటే చల్లటి గాలి సూటిగా కొడుతుంది. ఆకుకి నీరెక్కువ, ముందు అదే గడ్డకడుతుంది. అక్కడ మూత ఉన్న పాలగిన్నో పప్పుగిన్నో పెట్టండి. అదీ సందుకి ఆనకుండా రెండు వేళ్ల ఎడంతో. ఆకుకూర కింది డబ్బాలోకి దించండి. సందు మూసేస్తే మిగతా ఫ్రిజ్ అంతా వేడెక్కుతుంది. ఈ థ్రెడ్‌లో మాట సింగిల్ డోర్ గురించి, రెండూ కలిపితే మేడమ్ గారికి గందరగోళం.

గాంధీనగర్_హోటల్_కిచెన్

అన్నా, మీ లెక్క చలి వరకు ఒప్పుకుంటాను. కానీ పచ్చి చికెన్ పెరుగు పైన పెట్టమంటే మాత్రం ఒప్పుకోను. వంటగదిలో మేం నేర్పే మొదటి మాట అదే: వండకుండా తినేది పైన, వండి తినేది కింద. చికెన్‌లో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉంటే కూర ఉడికినప్పుడు అవి పోతాయి. కొత్తిమీర మీద చుక్క పడితే అది కూర దింపాక పైన చల్లుతాం, లేదా పచ్చడి నూరతాం. పెరుగు అన్నంలో కలుపుకుంటాం. వాటికి ఇక మంట తగలదు. కాబట్టి ఇక్కడ ప్రమాదం కూరలో లేదు, కారిన చుక్కలో ఉంది.

పటమట గారూ, ఆ పెరుగు పారేశారా? మూత మీద పడినా మూత తీసేటప్పుడు అంచు మీద నుంచి లోపలికి జారుతుంది.

బాబాయ్ గారూ, ఉప్పూ పసుపూ రాస్తే వాసన కాస్త ఆలస్యంగా తెలుస్తుందంతే. కూరకి వేసే ఉప్పు మాంసాన్ని నిలవ చేయడానికి చాలదు. పెరుగు, కారం, నిమ్మరసం పట్టించినా అంతే. పచ్చి చికెన్ 5 డిగ్రీల లోపు ఉంటేనే ఒకటి, మహా అయితే రెండు రోజులు. అంతకంటే ఆగాలంటే తెచ్చిన రోజే ఫ్రీజర్‌లోకి పోవాలి.

పటమట_వంటిల్లు

పెరుగు పారబోయలేదండీ, మూత కడిగి వాడేశాం. ఇకమీదట గుర్తుంటుంది.

మ్యాట్లు ఉన్నాయి. మూడు అరల మీదా పువ్వుల ప్లాస్టిక్ షీటు, అంచు నుంచి అంచుకి కత్తిరించి వేశాం, తీగల్లోంచి కిందికి ఏమీ పడకుండా. ఐసు బొటనవేలు మందం ఉంది. గోడకి దాదాపు ఆనించే ఉంది. టెంపరేచర్ చూడ్డానికి జ్వరం థర్మామీటర్ పనికొస్తుందా?

కూలింగ్_మెకానిక్_గుంటూరు

రాదు మేడమ్. దాని కొలత 35 దగ్గర మొదలవుతుంది. వంటింట్లో వాడే పుల్లలాంటి డిజిటల్ థర్మామీటర్ తెప్పించుకోండి. ముందు అది నిజం చెబుతుందో లేదో చూడాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలిపి, రెండు నిమిషాలాగి ముంచండి. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తే ప్రతి కొలతలోనూ ఒకటి తీసేయండి.

తర్వాత ఆరు స్టీలు గ్లాసుల్లో సగం సగం నీళ్లు పోసి రాత్రి పడుకునే ముందు పెట్టండి. ట్రేలో ఒకటి, మూడు అరల్లో మూడు, కూరగాయల డబ్బాలో ఒకటి, తలుపు సీసాల అరలో ఒకటి. గాలిని కొలవకండి, తలుపు తీసిన పది సెకన్లలో గాలి మారిపోతుంది. పాలు, మాంసం ఎలా ఉంటాయో నీళ్లు అలా ఉంటాయి. పొద్దున ఎవరూ తలుపు తీయకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాయండి. మన ఊళ్లలో ఈ కాలంలో మధ్యాహ్నం కొలతే అసలు కొలత. ఇప్పటికి ఏదీ సర్దొద్దు, మ్యాట్లు కూడా తీయొద్దు. ఉన్నది ఉన్నట్టు తెలియాలి.

అరండల్‌పేట_బాబాయ్

ఇంత పరీక్ష ఎందుకయ్యా, నాబ్ 7 మీద పెడితే సరిపోదూ?

కూలింగ్_మెకానిక్_గుంటూరు

సరిపోదు బాబాయ్ గారూ. నాబ్ వెనకుండే సన్నని గొట్టం కొస ఫ్రీజర్ పెట్టెకి తగిలించి ఉంటుంది. అంటే కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో తేల్చేది ఫ్రీజర్ చలి. కింది అర ఎంత వేడిగా ఉందో దానికి తెలీదు. మ్యాట్లు దారి మూసేస్తే చలి పైనే ఉండిపోతుంది, ఫ్రీజర్ త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, కింద మాత్రం అలాగే ఉంటుంది. 7 మీద పెడితే కింది అర బాగుపడకముందే ట్రేలోని పాలప్యాకెట్టు గడ్డకడుతుంది. కరెంటు బిల్లు అదనం.

పటమట_వంటిల్లు (బుధవారం, సాయంత్రం)

చూశానండీ. ఐసు నీళ్లలో థర్మామీటర్ 0.3 చూపించింది, అది వదిలేశాను.

పొద్దున ఆరింటికి: ట్రే 2, పై అర 4, మధ్య అర 6, కింది అర 8, కూరగాయల డబ్బా 9, తలుపు 9.

మధ్యాహ్నం మూడింటికి: ట్రే 3, పై అర 5, మధ్య అర 8, కింది అర 11, డబ్బా 11, తలుపు 13.

పాలు మేం తలుపులోనే పెడతాం. విరిగిపోతున్నాయని పాలవాణ్ణి తిడుతున్నాం ఇన్నాళ్లూ.

గాంధీనగర్_హోటల్_కిచెన్

11 డిగ్రీలంటే మాంసానికి అది ఫ్రిజ్ కాదు. వాసన ఎందుకొచ్చిందో తేలిపోయింది. తలుపులో 13 అంటే పాలు, పెరుగు, మిగిలిన కూరలు వెంటనే అక్కణ్ణించి తీసేయండి. తలుపులో మంచినీళ్లు, సాస్, నిలవ పచ్చళ్లు, వడియాలు, మసాలా పొడులు ఉండనివ్వండి. ఆవకాయకి అసలు ఫ్రిజ్ అక్కర్లేదు గానీ చోటుంటే మీ ఇష్టం.

ఇంకొకటి అడుగుతాను. చికెన్ తెచ్చాక ఎలా పెడతారు? కొట్టులో అప్పుడే కోసింది తెస్తారు కదా?

పటమట_వంటిల్లు

అవునండీ, కళ్లముందే కోయించి తెస్తాం. రెండు కిలోలు, కడిగి, గుండ్రటి స్టీలు డబ్బాలో నింపి పెట్టేస్తాం. ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది.

గాంధీనగర్_హోటల్_కిచెన్

అదే రెండో కారణం. కోడి ఒంటి వేడి 40 డిగ్రీల పైనే. అప్పుడే కోసిన మాంసం వెచ్చగానే ఇంటికొస్తుంది. ఎత్తైన డబ్బాలో కుక్కితే అంచులు చల్లబడతాయి, నడిమి మాంసం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. క్రిములు పెరిగేది ఆ నడిమిలోనే. పైపెచ్చు ఆ వేడి పక్కనున్న పాలగిన్నెకి ఎక్కుతుంది.

ఇలా చేయండి. వండాల్సింది వండేయండి. మిగిలింది నీళ్లు పూర్తిగా ఓడ్చి, గట్టి మూత ఉన్న వెడల్పాటి డబ్బాలో రెండంగుళాల మందం మించకుండా పరవండి. ఫ్రిజ్‌లో పెట్టే ముందు ఆ డబ్బాని ఐసు ముక్కలు వేసిన నీళ్ల పళ్లెంలో అరగంట కూర్చోబెట్టండి. డబ్బాలోకి నీళ్లు దిగకూడదు. మధ్యలో ఒకసారి ముక్కల్ని కలపండి. ఆ గరిటె వెంటనే సబ్బుతో కడిగేయండి. చికెన్‌ని ధారగా పడే కుళాయి కింద కడగకండి, తుంపర సింకు చుట్టూ పడుతుంది. పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద కూడా.

కూలింగ్_మెకానిక్_గుంటూరు

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. ఒక్కొక్కటి చేసి మళ్లీ కొలవండి.

ముందు ఐసు కరిగించాలి. ఐసు మందంగా కడితే చలికి అది దుప్పటిలా అడ్డం. అర సెంటీమీటరు దాటితే కరిగించేయాలి. చాకుతో గీకొద్దు. ఫ్రీజర్ అల్యూమినియం రేకు చిల్లుపడితే గ్యాస్ పోతుంది, ఆ రిపేరు ఖర్చు తలనొప్పి. స్విచ్ ఆపి, తలుపు తీసి, గిన్నెడు వేడినీళ్లు ఫ్రీజర్‌లో పెట్టి వదిలేయండి.

తర్వాత మ్యాట్లు తీసేయండి. తీగల్లోంచి ఏదైనా పడుతుందని భయమైతే అర మొత్తం కాకుండా పడే వస్తువు కింద మాత్రమే పళ్లెం పెట్టండి. అరలో వెనకా ముందూ బెత్తెడు ఖాళీ ఉండాలి, గాలి దిగే దారి అదే. పెద్ద సాంబారు గిన్నె వెనక గోడకి ఆనించారంటే మ్యాటు తీసినా ఒకటే.

ఆఖరికి ఫ్రిజ్‌ని గోడ నుంచి బెత్తెడు ముందుకి లాగండి. లోపలి వేడి బయటికి పోయేది వెనకనుంచీ పక్కలనుంచీ. స్టవ్ పక్కన ఉంటే అక్కణ్ణించి మార్చండి. ఫ్రిజ్ మీద అతికించిన చీటీలో T అని ఉందో ST అని ఉందో కూడా చూడండి. T అయితే చుట్టూ 43 డిగ్రీల దాకా పనిచేసేలా చేసింది, ST అయితే 38 వరకే. మే నెలలో మన వంటింట్లో మధ్యాహ్నం 38 దాటడం ఎంతసేపు.

తలుపు రబ్బరు కూడా చూడండి. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపేసి లాగితే బిగువుగా రావాలి. నాలుగు పక్కలా చూడాలి, కింది మూలే ముందు వదులవుతుంది.

భవానీపురం_డబుల్‌డోర్

కొత్తిమీర కింద డబ్బాలోకి మార్చాను, గడ్డకట్టడం ఆగింది. కానీ ఇప్పుడు మూడో రోజుకే పసుపు రంగు తిరుగుతోంది. తడి లేకుండా బట్టలో చుట్టే పెట్టాను.

గాంధీనగర్_హోటల్_కిచెన్

ఆ డబ్బాలో ఇంకేం ఉన్నాయి? పండిన మామిడి, టమాటా, అరటిపండు ఉంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి ఆకు పండిపోతుంది. మామిడి వేరే అరలో పెట్టండి. టమాటా, వంకాయ, దోసకాయ అసలు బాగా చల్లటి చోట పెట్టకూడదు, తొక్క మీద గుంటలు పడతాయి. వాటికి డబ్బాయే నయం, ఆకుతో కలపకుండా. రెండు రోజుల్లో వండేసేవైతే బయట బుట్టలో ఉన్నా ఏం కాదు.

భవానీపురం_డబుల్‌డోర్

బంగినపల్లి అరడజను ఉన్నాయండీ అందులో. అర్థమైంది.

పటమట_వంటిల్లు (శనివారం)

అన్నీ చేశాను. చీటీ మీద T అనే ఉంది. రబ్బరు కింది మూల వదులుగా ఉంది. మడతల్లో నల్లటి జిడ్డు తీసి, సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాక నోటు బిగువుగానే వస్తోంది. పాలు పై అరలో వెనక్కి మార్చాను. నాబ్ 4 మీదే ఉంచాను.

పొద్దున: ట్రే 1, పై అర 3, మధ్య 4, కింది అర 5, డబ్బా 7, తలుపు 8.

మధ్యాహ్నం మూడింటికి: ట్రే 2, పై అర 3, మధ్య 5, కింది అర 7, డబ్బా 9, తలుపు 10.

మరి రేపటి చికెన్ ఎక్కడ పెట్టను?

కూలింగ్_మెకానిక్_గుంటూరు

కింది అర మధ్యాహ్నం 11 నుంచి 7కి వచ్చింది, నాబ్ ముట్టుకోకుండా. ఇంకో అంకె పెంచి 5 మీద పెట్టి చూడండి. ట్రేలో పాలు పెట్టడం లేదు కాబట్టి గడ్డకడుతుందన్న భయం లేదు. పై అరలో వెనకున్న గ్లాసు మాత్రం ఒకటికి దిగితే మళ్లీ 4కి తిప్పండి. కానీ రేపటికైతే నా మాట ట్రేనే. 2కీ 7కీ పోలికే లేదు.

గాంధీనగర్_హోటల్_కిచెన్

నా మాట వేరు. మధ్యాహ్నం తెచ్చి రాత్రి వండేదైతే, ఐసు నీళ్లలో చల్లార్చి, కింది అరలో అంచులున్న పళ్లెంలో డబ్బా పెట్టి వండేయండి. మర్నాటిదాకా ఆగేదైతే 7 డిగ్రీల్లో వద్దు, నేనూ ఒప్పుకుంటాను. అది నేరుగా ఫ్రీజర్‌లోకి పోవాలి. వెడల్పుగా పరిచి కవర్లో కట్టి పెట్టండి. రాత్రి దాన్ని పళ్లెంలో పెట్టి కింది అరలోకి దించితే మర్నాటి మధ్యాహ్నానికి కరుగుతుంది. కరిగేటప్పుడే నీళ్లు ఎక్కువ కారతాయి, అందుకే పళ్లెం.

కూలింగ్_మెకానిక్_గుంటూరు

190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో కిలో వెచ్చటి మాంసం పెడితే గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది. పక్కనున్న ఐసు ట్రే కూడా కరుగుతుంది. అదీ ఒక ఇబ్బందే కదండీ. నా లెక్క ఇది: ట్రేలో పచ్చి మాంసం తప్ప ఇంకేదీ పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పేయండి. మూతకి రబ్బరు ఉన్న డబ్బా, దాని కింద పళ్లెం, ఆ కింద ఎలాగూ ట్రే. మూడు అడ్డాలు దాటి చుక్క కారడం కష్టం.

గాంధీనగర్_హోటల్_కిచెన్

కష్టం అంటున్నారు, కారదని అనడం లేదు కదా. పిల్లలు డబ్బా తీసి మూత సరిగ్గా పెట్టకపోతే? తీసిన చేత్తో పాలగిన్నె పట్టుకుంటే? ట్రే వాడితే ఒక షరతు: దాని సరిగ్గా కింద పెరుగు, కోసిన పండ్లు, మిగిలిన అన్నం ఉండకూడదు. కాచి వాడే పాలు ఉండొచ్చు. పెరుగు మధ్య అరలోకి.

అరండల్‌పేట_బాబాయ్

చేప సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో కానాగంతలు తెస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటే ఉంటాయి, పులుసులో గంటసేపు ఉడుకుతాయిగా, ఏముంటుంది?

గాంధీనగర్_హోటల్_కిచెన్

కానాగంతల విషయంలో ఆ మాట అనకండి బాబాయ్ గారూ. వాటిని వెచ్చగా వదిలేస్తే క్రిములు మాంసంలో హిస్టమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. క్రిములు ఉడికి చస్తాయి గానీ అది ఉడికినా పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు వచ్చేది దానివల్లే. చాలామంది చేప పడలేదనుకుంటారు. వాసనలో తేడా కూడా తెలియకపోవచ్చు. తెచ్చిన వెంటనే ఐసులో పెట్టాలి, లేదా పొట్ట తీసి ఆ ట్రేలో. బొచ్చె, శీలావతుల్లో ఈ గొడవ తక్కువ. అలాగని బయట ఉంచమని కాదు.

పటమట_వంటిల్లు

సరే, మా ఇంటికి ఇలా అనుకుంటున్నాను. రాత్రికి వండేది కింది అరలో పళ్లెంలో. మర్నాటిది అరకిలో మించకుండా ట్రేలో, అంతకంటే ఎక్కువైతే ఫ్రీజర్. పెరుగు, మిగిలిన కూరలు మధ్య అర. పాలు పై అర. గుడ్లు మాత్రం తలుపులోనే ఉన్నాయి, అక్కడ గుంటలు ఇచ్చారు కదా.

గాంధీనగర్_హోటల్_కిచెన్

గుంటలు ఇచ్చినంత మాత్రాన అది మంచి చోటు అయిపోదు. తలుపు తీసినప్పుడల్లా వేడెక్కి చల్లబడితే పెంకు మీద చెమ్మ పడుతుంది. అట్టపెట్టెతో మధ్య అరలో పెట్టండి.

కూలింగ్_మెకానిక్_గుంటూరు

మన దగ్గర కొట్టులో గుడ్లు ఎండలోనే ఉంటాయి. ఇంట్లో వారంలో అయిపోతాయి. తలుపులో ఉంటే కొంపలేమీ మునగవు. మధ్య అరలో చోటు పెరుక్కి వదలండి.

గాంధీనగర్_హోటల్_కిచెన్

మునగవు, నిజమే. సగం ఉడికిన గుడ్డు తినే ఇల్లయితే మాత్రం నా మాట వినండి.

కూలింగ్_మెకానిక్_గుంటూరు

మేడమ్, ఒక్కటి మరిచాను. చాలా సింగిల్ డోర్లలో డీఫ్రాస్ట్ నీళ్లు దిగేది ఆ చిల్లర్ ట్రేలోకే. నాబ్ మధ్యలో ఉన్న బటన్ ఎవరైనా నొక్కితే రాత్రికి రాత్రి ట్రే నిండుతుంది. డబ్బా నీళ్లలో తేలుతుంది, ట్రే పొంగితే ఆ నీళ్లు అరల మీద పడతాయి. బటన్ నొక్కే ముందు ట్రేలో చికెన్ గానీ చేప గానీ ఉందేమో చూసుకోమని ఇంట్లో చెప్పి ఉంచండి.